ఐరన్ మాత్రలు ఆపగానే మళ్లీ రక్తహీనత: కొంకి పురుగు, పేగుల్లో కనిపించని రక్తస్రావం బయటపడేదెలా?

క్లుప్తంగా: శరీరంలో ఇనుము తగ్గిందో లేదో రక్తపరీక్ష చెబుతుంది. అది ఎటు పోతోందో మాత్రం చెప్పదు. పేగుల్లో రోజుకు పది మిల్లీలీటర్ల రక్తం కారినా మలం రంగు మారదు. మలంలో రక్తాన్ని వెతికే పరీక్ష, పురుగు గుడ్లను వెతికే పరీక్ష రెండూ వేర్వేరు. ఒకటి నెగెటివ్ వచ్చిందని రెండోది కూడా చేసినట్టు కాదు. గుడ్లు కనిపించాక కూడా ఇంకో ప్రశ్న మిగిలే ఉంటుంది: ఇంత రక్తహీనత రావడానికి ఆ పురుగులు సరిపోతాయా?

ఐరన్ మాత్రలు వేసుకున్నన్నాళ్లు హిమోగ్లోబిన్ పెరుగుతుంది. ఆపిన కొన్ని నెలలకు మళ్లీ మొదటికొస్తుంది. ఇలా రెండోసారి జరిగిందంటే తిండిలో లోపం ఒక్కటే కారణమని సరిపెట్టుకోకూడదు. ఎక్కడో రక్తం కారుతూ ఉండాలి, లేదా తిన్న ఇనుము ఒంటికి పట్టకపోతూ ఉండాలి. నెలసరి ఉన్న స్త్రీలలో మొదట అనుమానించేది అధిక రక్తస్రావాన్ని. పురుషుల్లోనూ, నెలసరి ఆగిపోయిన స్త్రీలలోనూ మొదట చూడాల్సింది పేగులనే. అల్సర్, నొప్పి మాత్రల వల్ల పడిన పుండ్లు, పెద్దపేగు క్యాన్సర్, రక్తనాళాల లోపాలు ఈ జాబితాలో ఉంటాయి. మట్టిలో ఒట్టికాళ్లతో పనిచేసేవారిలో, ఆరుబయట మలవిసర్జన ఉన్న చోట్ల నివసించినవారిలో హుక్‌వార్మ్ అనే కొంకి పురుగునూ వీటితో పాటు చూడాలి.

## సెంటీమీటరు పురుగు ఇంత నష్టం ఎలా చేస్తుంది?

మనుషుల పేగుల్లో ముఖ్యంగా రెండు రకాల కొంకి పురుగులు కాపురముంటాయి: అంకైలోస్టోమా డుయోడినేల్, నెకేటర్ అమెరికానస్. రెండూ సుమారు ఒక సెంటీమీటరు పొడవే. మలంతో నేలమీద పడిన గుడ్లు వెచ్చని, తడి మట్టిలో ఒకటి రెండు రోజుల్లో పగులుతాయి. వారం పది రోజుల్లో పిల్ల పురుగులు చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోగల దశకు చేరతాయి. పాదాల నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు, ఆపైన గొంతులోకి వచ్చి, మింగినప్పుడు చిన్నపేగుకు చేరతాయి. చర్మంలోకి ప్రవేశించాక గుడ్లు పెట్టడానికి కనీసం ఐదారు వారాలు పడుతుంది. ఈ వ్యవధిని పరీక్షల దగ్గర గుర్తుపెట్టుకోవాలి.

చిన్నపేగు లోపలి పొరను నోటితో పట్టుకుని పురుగు రక్తం తాగుతుంది. అంకైలోస్టోమాకు పళ్లుంటాయి, నెకేటర్‌కు కత్తెర లాంటి పలకలుంటాయి. గాయం దగ్గర రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థాలను అది విడుదల చేస్తుంది. అందుకే పురుగు తాగిన రక్తం ఒక్కటే పోయినట్టు లెక్క కాదు. అది ఆ చోటు వదిలి పక్కకు జరిగాక కూడా పాత గాయం కొంతసేపు ఊరుతూనే ఉంటుంది.

ఒక్కో అంకైలోస్టోమా వల్ల రోజుకు సుమారు 0.2 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. నెకేటర్ వల్ల పోయేది 0.03 మిల్లీలీటర్లే. అంటే ఆరేడు రెట్ల తేడా. ఒక పురుగుతో ఎవరికీ ఏమీ కాదు. అవి ఎన్ని ఉన్నాయి, ఎన్నేళ్లుగా ఉన్నాయి, శరీరంలో ముందు నుంచి ఇనుము నిల్వ ఎంత ఉంది అన్నదాన్ని బట్టే జబ్బు తీవ్రత ఉంటుంది. 1880లో ఆల్ప్స్ పర్వతాల్లో సెయింట్ గొథార్డ్ రైల్వే సొరంగం తవ్విన కార్మికుల్లో తీవ్ర రక్తహీనత చెలరేగినప్పుడు, దాని వెనుక ఉన్నది ఈ పురుగేనని తేలింది. సొరంగం లోపలి వేడి, తడి, అక్కడే పడిన మలం కలిసి పురుగుల సంఖ్యను ఆ స్థాయికి పెంచాయి.

## ఇనుము జమాఖర్చు

హిమోగ్లోబిన్ 15 గ్రాములు ఉన్న మనిషి రక్తంలో ప్రతి మిల్లీలీటరులో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. ఆరోగ్యవంతుడు ఆహారం నుంచి రోజుకు గ్రహించేది ఒకటి రెండు మిల్లీగ్రాములు మాత్రమే. చర్మం, పేగుల పొర రాలడం వంటి వాటితో మామూలుగా పోయేదీ దాదాపు అంతే. నిల్వలు తగ్గినప్పుడు పేగు మరింత గ్రహిస్తుంది గానీ, మంచి తిండి తిన్నా అది రోజుకు మూడు నాలుగు మిల్లీగ్రాములు దాటడం కష్టం. మామూలు ఖర్చు ఒక మిల్లీగ్రాము తీసేస్తే, కారిపోయే రక్తాన్ని పూడ్చడానికి మిగిలేది రెండు మిల్లీగ్రాములనుకోవచ్చు.

ఇప్పుడు రోజుకు 12 మిల్లీలీటర్ల రక్తం పేగులోకి కారుతోందనుకుందాం. నెలకు 360 మిల్లీలీటర్లు, అంటే రక్తదానంలో ఒక్కసారి తీసేంత రక్తం ప్రతి నెలా పోతోందన్నమాట. అందులోని ఇనుము రోజుకు ఆరు మిల్లీగ్రాములు. కారిన చోటు చిన్నపేగు పైభాగం కాబట్టి అందులో కొంత ఇనుమును శరీరం దారిలోనే తిరిగి గ్రహిస్తుంది. మూడో వంతు తిరిగి వచ్చిందనుకున్నా రోజుకు నికరంగా నాలుగు మిల్లీగ్రాములు పోతుంది. పూడ్చగలిగేది రెండే. మిగతా రెండు మిల్లీగ్రాములు నిల్వల నుంచి పోతాయి. పురుషుల్లో నిల్వ ఒక గ్రాము దాకా, స్త్రీలలో చాలాసార్లు అందులో మూడో వంతు మాత్రమే ఉంటుంది. అందుకే అదే సంఖ్యలో పురుగులున్నా స్త్రీలు, పిల్లలు ముందు దెబ్బతింటారు.

నిల్వలు అయిపోయాక హిమోగ్లోబిన్ పడిపోవడం మొదలవుతుంది. అయితే అది సున్నా దాకా పోదు. రక్తం పలచబడే కొద్దీ, కారే ప్రతి మిల్లీలీటరులో ఉండే ఇనుమూ తగ్గుతుంది. హిమోగ్లోబిన్ సగానికి, అంటే ఏడున్నర దగ్గరికి వచ్చేసరికి అదే 12 మిల్లీలీటర్లలో నికరంగా పోయేది రెండు మిల్లీగ్రాములే అవుతుంది. జమ, ఖర్చు సమానమై అంకె అక్కడ ఆగిపోతుంది. చాలామంది రోగులు ఏడు ఎనిమిది హిమోగ్లోబిన్‌తో, పనికి వెళుతూనే, ఆయాసాన్ని వయసు మీద నెట్టేసి నెలల తరబడి తిరగడానికి కారణం ఇదే. పడిపోవడం నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి శరీరం దానికి సర్దుకుపోతుంది.

మాత్రలతో తాత్కాలికంగా మెరుగుపడి మళ్లీ పడిపోవడం కూడా ఈ లెక్కలోనే ఉంది. మాత్ర జమను పెంచుతుంది, హిమోగ్లోబిన్ లేస్తుంది. కానీ రక్తం చిక్కబడే కొద్దీ కారే ఇనుమూ పెరుగుతుంది. మాత్ర ఆపగానే అంకె తన పాత చోటికి దిగుతుంది.

## రక్తపరీక్ష ఎంతవరకు చెబుతుంది?

కాగితం మీద మార్పులు ఒక వరుసలో వస్తాయి. మొదట ఫెరిటిన్ పడిపోతుంది. అది నిల్వలకు గుర్తు. తర్వాత రక్తంలో ఇనుమును మోసే ప్రొటీన్ ఖాళీగా మిగులుతుంది, అంటే ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ తగ్గుతుంది. ఆ తర్వాత కొత్తగా పుట్టే ఎర్రకణాలు చిన్నవిగా, పాలిపోయి ఉంటాయి. పాతవి, కొత్తవి కలిసి తిరుగుతాయి కాబట్టి కణాల పరిమాణంలో తేడాను చూపే ఆర్‌డీడబ్ల్యూ పెరుగుతుంది, సగటు పరిమాణమైన ఎంసీవీ 80 కంటే కిందికి దిగుతుంది.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో ఫెరిటిన్ 15 కంటే తక్కువైతే ఇనుము లోపం ఉన్నట్టేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. ఒంట్లో ఇన్‌ఫెక్షన్, వాపు ఉన్నప్పుడు నిల్వలు లేకపోయినా ఫెరిటిన్ పెరిగి కనిపిస్తుంది. అలాంటప్పుడు 70 లోపు ఉన్నా లోపాన్ని అనుమానించమని అదే సంస్థ చెబుతోంది. అందుకే ఫెరిటిన్‌తో పాటు ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ పరీక్ష కూడా చేయించడం మంచిది. ఫెరిటిన్ 40, సీఆర్‌పీ బాగా ఎక్కువ ఉన్న కాగితాన్ని చూసి ‘ఇనుము బాగానే ఉంది’ అనడం తరచూ జరిగే పొరపాటు.

మరో పొరపాటు, పుట్టుకతో వచ్చే తలసీమియా వాహక స్థితిని ఇనుము లోపంగా పొరబడటం. అందులోనూ ఎంసీవీ తక్కువే ఉంటుంది. కానీ ఎర్రకణాల సంఖ్య సాధారణంగా ఎక్కువగా ఉంటుంది, ఫెరిటిన్ తగ్గదు. ఇలాంటివారికి ఏళ్ల తరబడి ఐరన్ ఇచ్చినా అంకె మారదు.

కొంకి పురుగుకు సంబంధించి రక్తపరీక్ష ఇచ్చే ఒకే ఒక్క సూచన ఇసినోఫిల్స్. ఈ తెల్లకణాలు మైక్రోలీటరుకు 500 దాటితే పురుగుల అనుమానం బలపడుతుంది. పురుగు కొత్తగా పేగుకు చేరిన వారాల్లో ఇవి బాగా పెరుగుతాయి. చిక్కేమిటంటే, అప్పటికి గుడ్లు ఇంకా మొదలై ఉండకపోవచ్చు. ఏళ్ల తరబడి ఉన్న పురుగులతోనేమో ఇసినోఫిల్స్ మామూలుగానే ఉండొచ్చు. కాబట్టి ఇవి ఎక్కువైతే వెతకాలి, మామూలుగా ఉన్నాయని వెతకడం మానకూడదు.

## ‘మలంలో రక్తం లేదు’ అంటే రక్తం కారడం లేదని కాదు

మలం నల్లగా, తారులా, జిగటగా, దుర్వాసనతో రావాలంటే పైపేగుల్లో 50 నుంచి 100 మిల్లీలీటర్ల రక్తం ఒక్కసారిగా చేరాలి. రోజుకు పది పన్నెండు మిల్లీలీటర్లు అందులో కలిసిపోయి కంటికి ఆనవు. ఐరన్ మాత్రలు వాడేవారిలో మలం ఎలాగూ నల్లబడుతుంది. అది జిగటగా ఉండదు, రక్తపు దుర్వాసనా రాదు.

కంటికి కనిపించని రక్తాన్ని పట్టే పరీక్షల్లో ఇప్పుడు ఎక్కువగా వాడేది ఫిట్. మనిషి హిమోగ్లోబిన్‌లోని గ్లోబిన్ అనే ప్రొటీన్‌ను ఇది గుర్తుపడుతుంది. తిన్న మాంసంతో గానీ ఐరన్ మాత్రతో గానీ తికమకపడదు. కానీ దీన్ని తయారు చేసింది పెద్దపేగు కోసం. కడుపులో, చిన్నపేగు పైభాగంలో కారిన రక్తంలోని గ్లోబిన్ దారిలో జీర్ణమైపోతుంది. కొంకి పురుగు ఉండేది సరిగ్గా అక్కడే. అందుకే పేగు నిండా పురుగులున్నా ఫిట్ నెగెటివ్ రావచ్చు. పాత పద్ధతి గ్వాయాక్ పరీక్ష గ్లోబిన్‌ను కాకుండా హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉండే భాగమైన హీమ్‌ను పట్టుకుంటుంది. పైపేగు రక్తం దానికి కొంత మెరుగ్గా దొరుకుతుంది గానీ, మాంసాహారం వల్ల తప్పుడు పాజిటివ్, విటమిన్ సి వల్ల తప్పుడు నెగెటివ్ వస్తాయి. ఏ పరీక్షైనా నెగెటివ్ వచ్చినంత మాత్రాన రక్తస్రావం లేదని తీర్మానించడానికి లేదు.

## గుడ్ల కోసం మలపరీక్ష: ఎక్కడ తప్పుతుంది?

కొంకి పురుగు నిర్ధారణకు ఆధారం మైక్రోస్కోపు కింద కనిపించే గుడ్డు. పలుచని, పారదర్శకమైన పెంకు, కోడిగుడ్డు ఆకారం, లోపల రెండు నుంచి ఎనిమిది కణాల ముద్ద, పెంకుకూ ముద్దకూ మధ్య స్పష్టమైన ఖాళీ. పొడవు 60 నుంచి 75 మైక్రోమీటర్లు. రెండు రకాల పురుగుల గుడ్లూ ఒకేలా ఉంటాయి. రకం తెలియాలంటే పీసీఆర్ లాంటి వేరే పరీక్ష కావాలి.

మామూలు ల్యాబుల్లో చేసేది తడి స్లైడు. సుమారు రెండు మిల్లీగ్రాముల మలాన్ని సెలైన్ చుక్కలో కలిపి చూస్తారు. గ్రాముకు మూడు వేల గుడ్లున్న మలంలోనైతే ఆ రెండు మిల్లీగ్రాముల్లో ఆరు గుడ్లు ఉంటాయి, జాగ్రత్తగా చూస్తే దొరుకుతాయి. గ్రాముకు వంద ఉంటే ఐదు స్లైడ్లలో ఒకదాంట్లో ఒక గుడ్డు కనిపించవచ్చు. తేలికపాటి ఇన్‌ఫెక్షన్ తడి స్లైడుకు చిక్కదు. రక్తహీనత తెచ్చేంత భారీ ఇన్‌ఫెక్షన్ సాధారణంగా చిక్కుతుంది.

లెక్క కావాలంటే కాటో-కాట్జ్ పద్ధతి. మలాన్ని సన్నని జల్లెడ మీద నొక్కి పీచు తీసేస్తారు. రంధ్రమున్న పలకతో కొలిచి సరిగ్గా 41.7 మిల్లీగ్రాములు స్లైడు మీద పెడతారు. గ్లిసరాల్‌లో నానిన సెల్లోఫేన్ ముక్క కప్పి నొక్కుతారు. కనిపించిన గుడ్లను 24తో గుణిస్తే గ్రాముకు ఎన్నో వస్తుంది. గ్రాముకు 2,000 లోపు తేలిక, 2,000 నుంచి 3,999 మధ్యస్థం, 4,000 ఆపైన తీవ్రం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ విభజన.

ఈ పద్ధతిలో పెద్ద ప్రమాదం గడియారం. మలాన్ని పారదర్శకంగా చేసే ఆ గ్లిసరాలే కొంకి పురుగు గుడ్డు పలుచని పెంకునూ మాయం చేసేస్తుంది. స్లైడు తయారయ్యాక అరగంట నుంచి గంటలోపు చూసేయాలి. ఉదయం చేసిన స్లైడ్లను మధ్యాహ్నం చూస్తే ఏలికపాము గుడ్లు మందపాటి పెంకుతో అలాగే ఉంటాయి, కొంకి పురుగు గుడ్లు మాత్రం ఉండవు. రిపోర్టులో ‘కొంకి పురుగు లేదు’ అని వస్తుంది.

నమూనా నిల్వలోనూ ఇలాంటి చిక్కే ఉంది. మామూలు గది వేడిలో ఒక రోజు ఉంచితే గుడ్లు పగిలి పిల్ల పురుగులు బయటికొస్తాయి. అవి స్ట్రాంగిలాయిడిస్ అనే వేరే పురుగు పిల్లల్లా కనిపిస్తాయి. నోటి గొట్టం పొడుగ్గా ఉంటే కొంకి పురుగు, పొట్టిగా ఉంటే స్ట్రాంగిలాయిడిస్. ఈ తేడా చూసే ఓపిక అన్ని ల్యాబుల్లో ఉండదు. కాబట్టి తాజా మలాన్ని కొన్ని గంటల్లో చేర్చాలి. వీలుకాకపోతే ఫ్రిజ్‌లోనో ఫార్మలిన్‌లోనో ఉంచాలి. గుడ్ల సంఖ్య రోజురోజుకూ మారుతుంది కాబట్టి వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు ఇవ్వాలి. ‘ముందు నులిపురుగుల మాత్ర వేసి చూద్దాం’ అని మాత్ర మింగాక పరీక్ష చేయిస్తే గుడ్లు పోతాయి, రక్తహీనత ఉంటుంది, కారణం ఎప్పటికీ తేలదు.

## ఒక లెక్క వేసి చూస్తే

మట్టి పని చేసే 52 ఏళ్ల పురుషుడనుకుందాం. హిమోగ్లోబిన్ 7.8, ఎంసీవీ 66, ఫెరిటిన్ 5, ఇసినోఫిల్స్ 900. ఫిట్ నెగెటివ్. రెండుసార్లు ఐరన్ కోర్సు వాడి ఆపాడు. మూడోసారి తాజా మలంతో తడి స్లైడు చూస్తే గుడ్లు కనిపించాయి. కాటో-కాట్జ్‌లో 130 గుడ్లు, అంటే గ్రాముకు 3,120.

రోజుకు 200 గ్రాముల మలం అనుకుంటే మొత్తం 6,24,000 గుడ్లు. ఆడ అంకైలోస్టోమా రోజుకు 20 వేల గుడ్లు పెడుతుందనుకుంటే 31 ఆడ పురుగులు, మగవాటితో కలిపి 62. రక్తనష్టం రోజుకు 12 మిల్లీలీటర్లు. పైన వేసిన జమాఖర్చు ప్రకారం హిమోగ్లోబిన్ ఏడున్నర, ఎనిమిది మధ్య ఆగాలి. అక్కడే ఆగింది. అదే నెకేటర్ అయితే, ఆడది ఆరు వేల గుడ్లు పెడుతుందనుకున్నప్పుడు, 200కు పైగా పురుగులున్నా నష్టం ఆరు మిల్లీలీటర్లే. మంచి తిండి తినేవాడిలో అది ఒక్కటే ఇంత రక్తహీనత తేవడం కష్టం, తిండిలో ఇనుము తక్కువైనవాడిలో తెస్తుంది. ఇవన్నీ ఉజ్జాయింపు అంకెలే. పురుగులు ఎక్కువైతే ఒక్కోటి పెట్టే గుడ్లు తగ్గుతాయి, విరేచనం పలచగా ఉంటే గ్రాము లెక్క పడిపోతుంది. అయినా చిన్న నష్టమా పెద్ద నష్టమా తేల్చడానికి ఇది చాలు.

ఇదే మనిషి స్లైడులో నాలుగే గుడ్లు కనిపించాయనుకోండి. గ్రాముకు 96. అంటే పేగులో ఒకటి రెండు జతల పురుగులు, రోజుకు అర మిల్లీలీటరు రక్తం. దానితో 7.8 రాదు. ఇక్కడ ‘పురుగు దొరికింది’ అని మాత్ర ఇచ్చి పంపేయడం అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు. కుడివైపు పెద్దపేగులో మలం పలచగా ఉంటుంది, గొట్టం వెడల్పుగా ఉంటుంది. అక్కడి క్యాన్సర్ నొప్పి లేకుండా, మలబద్ధకం లేకుండా నెలల తరబడి రక్తం కారుస్తుంది. అతనికి పైనుంచి ఎండోస్కోపీ, కిందినుంచి కొలనోస్కోపీ, గోధుమ పడని సీలియాక్ జబ్బుకు రక్తపరీక్ష ఆలస్యం లేకుండా జరగాలి. 3,120 గుడ్లు వచ్చినా ఈ వయసులో ఎండోస్కోపీ అవసరం పోదు. పక్కపక్కనే రెండు కారణాలూ ఉండొచ్చు.

## పురుగును చంపాక

ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు ఒక్క మోతాదు చాలామందిలో పురుగులను తొలగిస్తుంది, అందరిలో కాదు. మెబెండజోల్ 500 మిల్లీగ్రాముల ఒక్క మోతాదు కొంకి పురుగుపై చాలా బలహీనం. రెండు మూడు వారాల తర్వాత మలపరీక్ష మళ్లీ చేసి, గుడ్లుంటే మరోసారి ఇవ్వాలి. గర్భిణులకు తొలి మూడు నెలల్లో ఈ మందులు ఇవ్వరు.

పురుగు పోయినంత మాత్రాన పోయిన ఇనుము తిరిగి రాదు. పై ఉదాహరణలో హిమోగ్లోబిన్ పూర్తిగా కోలుకోవడానికి సుమారు 1,200 మిల్లీగ్రాములు, నిల్వలకు మరో 500 కావాలి. తిండి నుంచి రోజుకు రెండు మిల్లీగ్రాముల మిగులుతో అది రెండేళ్ల పని. అందుకే ఐరన్ మాత్ర తప్పదు. కారడం నిజంగా ఆగి, మాత్ర ఒంటికి పడుతుంటే రెండు నుంచి నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరుగుతుంది. మామూలు స్థాయికి వచ్చాక నిల్వలు నిండేందుకు మరో మూడు నెలలు కొనసాగించాలి.

అసలు తీర్పు మాత్రలు ఆపిన తర్వాత వస్తుంది. మూడు నెలలకు, ఆరు నెలలకు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ చూడాలి. ఫెరిటిన్ దిగుతూ, మలంలో గుడ్లు మళ్లీ కనిపిస్తే కొత్తగా పురుగు సోకినట్టు. గుడ్లు లేకుండా దిగుతుంటే రక్తం ఇంకెక్కడి నుంచో పోతోంది. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ రెండూ శుభ్రంగా ఉంటే అప్పుడు చిన్నపేగును లోపలి నుంచి చూసే క్యాప్సూల్ ఎండోస్కోపీ వంతు వస్తుంది.